స్ప్లెండర్ కింద నుంచి రాడ్డు, స్ప్రింగు ఊడిపడ్డాయి: నంబరు లేని పార్టుని ఫొటోలో పట్టేసిన గుంటూరు కుర్రాడు

గుంటూరు_స్పేర్స్

ఇంట్లోనే ఆయిల్ మార్చుకునే స్ప్లెండర్ వాళ్ళు ఒకసారి చదవండి. ఓనరు ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

ఆయనది పొన్నూరు దగ్గర పల్లె. బండి స్ప్లెండర్ ప్లస్, 97.2 సీసీ. మా కౌంటర్ పక్క షెడ్డులో పనిచేసే కుర్రాడికి రాత్రిపూట వాట్సాప్‌లో ఫొటో పెట్టారు. పేపరు మీద ఒక ఇనప రాడ్డు, సుమారు చూపుడువేలంత. ఒక చివర నల్ల రబ్బరు తల. పక్కన పొడుగాటి సన్న స్ప్రింగు, ఒక బోల్టు. రాడ్డు మీద నంబరు గానీ కంపెనీ గుర్తు గానీ ఏమీ లేదు. కింద మెసేజి: "ఆయిల్ పంపు ముక్క విరిగిపడింది తమ్ముడూ. గుంటూరులో దొరుకుతుందా, విజయవాడ ఆటోనగర్ దాకా పోవాలా? పొద్దున్నే మొదటి బస్సుకి బయల్దేరతా."

కుర్రాడు పార్టు పేరు వెంటనే చెప్పలేదు. ముందు మూడు సంగతులు అడిగాడు. ఏ బోల్టు విప్పితే వచ్చింది, ఆయిల్ ఎంత కారింది, ఆ తర్వాత కిక్ గానీ సెల్ఫ్ గానీ కొట్టారా. జవాబు: ఆయిల్ మార్చుదామని కింద బోల్టు విప్పా, సగం టీ గ్లాసు వచ్చి ఆగిపోయింది, కిక్ కొట్టలేదు.

ఆ సగం గ్లాసు దగ్గరే విషయం తేలిపోయింది. అయినా ఇంకో ఫొటో అడిగాడు, బండి కిందకి ఫోన్ పెట్టి ఇంజిన్ అడుగు మొత్తం కనపడేలా. అందులో అడుగున మధ్యకి ఉన్న డ్రెయిన్ బోల్టు మీద మట్టి పెచ్చు కట్టి అలాగే ఉంది, పానా తగిలిన గుర్తే లేదు. ఖాళీగా కనపడిన బెజ్జం గేర్ లివర్ వైపు, మాగ్నెట్ కవర్ కింద ఉంది. అది ఇంజిన్ లోపలి టైమింగ్ చైనుని బిగువుగా ఉంచే టెన్షనర్ బోల్టు. ఊడిపడింది టెన్షనర్ రాడ్డు. విరగలేదు, పాడవలేదు, కింద ఆపే బోల్టు తీసేశారు కాబట్టి జారి పడింది, అంతే.

"బస్సెక్కొద్దు అన్నా, పార్టు కొనక్కర్లేదు, సెల్ఫ్ మాత్రం ముట్టుకోవద్దు" అని పెట్టాడు. ఆయనకి చివరికి కావాల్సినవి రెండు వాషర్లు, 900 మిల్లీలీటర్ల ఆయిల్ డబ్బా. రెండూ పొన్నూరులోనే దొరికాయి.

పాతబండి_తెనాలి

ఫొటో వర్ణన చూస్తే నాకు ఆయిల్ ప్రెషర్ రిలీఫ్ వాల్వు అనిపిస్తోంది. బోల్టు కింద స్ప్రింగు, స్ప్రింగు మీద కదిలే ముక్క, చుట్టూ ఆయిల్. చాలా ఇంజిన్లలో రిలీఫ్ వాల్వు ఇలాగే ఉంటుంది. ఆయిల్ పంపు ముక్క అని ఓనరు అనుకోవడం పూర్తిగా తప్పేం కాదు కదా? ఒక్క ఫొటోతో అంత గట్టిగా ఎలా చెప్పాడు?

కృష్ణలంక_మేస్త్రి

తెనాలి అన్నా, స్ప్రింగు, ముక్క, ఆయిల్ మూడూ ఉన్నాయన్నది నిజమే. కానీ రబ్బరు తల చూడు. రిలీఫ్ వాల్వు ముక్క ఇనప గూట్లో కూర్చుని ఆయిల్ దారి మూయాలి, దానికి నున్నటి ఇనప ముఖం కావాలి. రబ్బరు పెట్టారంటే ఆ చివర ఇంకో ఇనప ముక్కని తోస్తోందనీ, చప్పుడు రాకుండా తోయాలనీ అర్థం. ఈ ఇంజిన్లో అలా తోసేది టెన్షనర్ ఆర్మ్ ఒక్కదాన్నే.

రెండోది, రాడ్డు పొడవునా ఒక పక్క మెరుపు ఉంటుంది. బెజ్జంలో పైకీ కిందకీ జారిజారి వచ్చిన మెరుపది. రబ్బరు తల మధ్యలో ఆర్మ్ ఆనుకున్న చోట చిన్న సొట్ట కూడా పడుంటుంది. విరిగిన ముక్క అయితే ఎక్కడో ఒక చోట గరుకైన, బూడిదరంగు విరుపు ముఖం కనపడాలి. రెండు చివరలూ నున్నగా ఉంటే అది విరిగింది కాదు, ఊడింది. కుర్రాడు ముందు చూసింది అదే అయ్యుంటుంది.

ఆయిల్‌కి దీనికి సంబంధం ఉందన్న నీ మాట మాత్రం సరైనదే. స్ప్రింగు రాడ్డుని పైకి తోస్తుంది, రాడ్డు ఆర్మ్‌ని తోస్తుంది, ఆర్మ్ చివర ఉన్న రోలరు చైనుని బిగువుగా ఉంచుతుంది. స్ప్రింగు ఒక్కటే ఉంటే చైను కొట్టుకున్నప్పుడల్లా రాడ్డు కిందకీ మీదకీ ఎగురుతుంది. అందుకే రాడ్డు కింద గదిలో ఆయిల్ నిలిచేట్టు పెట్టారు. ఆయిల్ లోపలికి సులువుగా వస్తుంది, వెనక్కి మాత్రం మెల్లగానే పోతుంది. దాంతో రాడ్డు పైకి చప్పున లేస్తుంది, కిందకి దిగడానికి మొరాయిస్తుంది. బోల్టు విప్పితే కారింది ఆ గదిలో ఆయిలూ, దాని చుట్టూ చేరిన కాస్తా. అందుకే సగం గ్లాసుతో ఆగింది.

మంగళగిరి_రోడ్డు

స్ప్లెండర్‌లో 10డబ్ల్యు-30 పొయ్యాలా, 20డబ్ల్యు-40 పొయ్యాలా అనే కదా ప్రశ్న? మన ఎండలకి 20డబ్ల్యు-40 మంచిదని మా వీధిలో అందరూ అంటారు.

గుంటూరు_స్పేర్స్

ఆ ప్రశ్న ఇక్కడ లేదండి. కంపెనీ ఈ బండికి చెప్పింది 10డబ్ల్యు-30, అదే పోయండి. గ్రేడు గురించి ఇంకో చోట మాట్లాడుకుందాం, ఇక్కడ కలిపితే అసలు విషయం పక్కకి పోతుంది.

బ్రాడీపేట_బుల్లెట్

ఇక్కడ ఇంకో ప్రమాదం తప్పింది, దాని గురించి ఎవరూ అనలేదు. సగం గ్లాసే వచ్చింది కదా, చాలామంది "ఆయిల్ అంతా తాగేసింది, ఇదే మిగిలింది" అనుకుని ఎలాగో బోల్టు బిగించేసి, పైనుంచి కొత్త డబ్బా మొత్తం పోసేస్తారు. పాత ఆయిల్ లోపలే ఉంది. దాని మీద 900 మిల్లీలీటర్లు పడితే దాదాపు రెండింతలు.

అప్పుడు బండి స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది కూడా. కానీ క్రాంకు ఆయిల్లో మునిగి చిలుకుతుంది కాబట్టి పికప్ మందగిస్తుంది, ఇంజిన్ మామూలు కంటే వేడెక్కుతుంది. నురగెత్తిన ఆయిల్ బ్రీదర్ పైపు గుండా ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి పోతుంది. ఫిల్టర్ తడిసి, సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తుంది. షెడ్డుకి తీసుకెళ్తే పొగ చూసి రింగులు పోయాయంటారు. బోరు పనికి దిగకముందు ఆయిల్ పుల్ల తీసి చూడాలి, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఆయిల్ ఉందేమో చూడాలి.

పుల్ల చూడటంలో కూడా తేడా ఉంది. బండి మెయిన్ స్టాండ్ మీద ఉండాలి. పుల్ల తుడిచి, చుట్లు తిప్పకుండా ఊరికే ఆనించి తియ్యాలి. బిగించి తీస్తే పుల్ల కిందకి దిగి ఆయిల్ ఎక్కువున్నట్టు చూపిస్తుంది.

షెడ్డు_తమ్ముడు

అన్నలందరికీ నమస్తే. ఫొటో వచ్చింది నాకే. ఆ అన్నకి బిగించే పద్ధతి ఫోన్లో చెప్పాను, ఇక్కడ కూడా రాయమన్నారు.

ముందు రాడ్డు, స్ప్రింగు, బోల్టు పెట్రోలుతో కడిగి ఆరబెట్టమన్నాను. పేపరు మీద పెట్టిన ఫొటోలో ఇసక రేణువులు కనపడ్డాయి. ఆ రాడ్డు బెజ్జంలో చాలా టైటు కొలతతో జారుతుంది, ఒక్క ఇసక రేణువు చాలు గీత పడటానికి. బెజ్జం చుట్టూ ఉన్న మట్టి కూడా గుడ్డతో తుడవాలి, లేకపోతే రాడ్డు ఎక్కించేటప్పుడు ఆ మట్టే లోపలికి పోతుంది.

తర్వాత రబ్బరు తలని వేళ్ళతో పట్టుకుని కొంచెం అటూ ఇటూ ఊపి చూడమన్నాను. ఊగితే, చీలితే, గాజులా గట్టిపడితే కొత్తది కావాలి. ఆయనది బాగానే ఉంది. తల అసలు లేకపోతే మాత్రం అది ఇంజిన్ లోపల ఉండిపోయిందని అనుమానించాలి, అప్పుడు ఏమీ బిగించకుండా షెడ్డుకి తేవాలి. అందుకే రెండు చివరలూ కనపడేలా ఫొటో అడిగాను.

రాడ్డుకి కొత్త ఇంజిన్ ఆయిల్ పూసి, రబ్బరు తల పైకి ఉండేలా బెజ్జంలోకి తోయాలి. ఊరికే వేలితోనే పోవాలి. దాని కింద స్ప్రింగు, స్ప్రింగు కింద వాషరు వేసిన బోల్టు. ఇక్కడే చాలామంది పాడుచేస్తారు. స్ప్రింగు కిందకి తోస్తుంటుంది, బోల్టు వంకరగా కూర్చుంటుంది, పానాతో తిప్పితే అల్యూమినియం కేసు త్రెడ్డు లేచిపోతుంది. అరచేత్తో బోల్టుని తిన్నగా పైకి నొక్కి పట్టి, ముందు ఎడంవైపుకి, అంటే విప్పే వైపుకి తిప్పాలి. ఒక చోట టక్‌మని చిన్నగా దిగినట్టు తెలుస్తుంది. అక్కణ్ణుంచి బిగించే వైపు తిప్పితే త్రెడ్డు పట్టుకుంటుంది. చేత్తోనే మూడు నాలుగు చుట్లు ఎక్కాలి. ఎక్కకపోతే పానా పెట్టకుండా మళ్ళీ మొదలుపెట్టాలి. ఆఖర్న రింగు పానాతో మణికట్టు బలం చాలు, పైపు తొడిగి లాగొద్దు.

అది అయ్యాక అసలు డ్రెయిన్ బోల్టు, 17 నంబరు పానా, విప్పి పాత ఆయిల్ దించి, వాషరు మార్చి, బిగించి, కొత్త ఆయిల్ పోసుకోమన్నాను. స్టార్ట్ చేసేముందు తాళం ఆఫ్‌లో పెట్టి పది పన్నెండుసార్లు కిక్ మెల్లగా తొక్కితే ఆయిల్ పైకెక్కుతుంది. మొదట స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్లు చైను చప్పుడు వస్తే కంగారు పడక్కర్లేదు, రాడ్డు కింద గది నిండుతోంది. నిమిషం దాటినా తగ్గకపోతే ఆపేసి నాకు ఫోన్ చెయ్యమన్నాను.

గుంటూరు_స్పేర్స్

వాషర్ల గురించి ఒక మాట. డ్రెయిన్ బోల్టుది 12, టెన్షనర్ బోల్టుది 14. షాపులో "ఆయిల్ బోల్టు వాషర్లు రెండివ్వండి" అంటే రెండూ 12వే చేతిలో పెడతారు. 12ది 14 బోల్టుకి ఎక్కదు, అప్పుడు పాతదే తిప్పి వేసేస్తారు, అక్కడ చెమర్చడం మొదలవుతుంది.

నరసరావుపేట_హెచ్ఎఫ్

నాది హెచ్‌ఎఫ్ డీలక్స్. పొద్దున చల్లటి మీద స్టార్ట్ చేస్తే ఎడం పక్క గరగరమంటుంది, వేడెక్కాక తగ్గుతుంది. అంటే నాకూ ఈ రాడ్డే పోయిందా? మార్చేస్తే సరిపోతుందా?

కృష్ణలంక_మేస్త్రి

మీ బండిదీ ఇదే 97.2 ఇంజిన్, కాబట్టి రాడ్డు ఇలాగే ఉంటుంది. చల్లటి మీద కాసేపు గరగరమని తగ్గిపోతే రాత్రంతా నిలబడినప్పుడు రాడ్డు కింద ఆయిల్ దిగిపోతోందని అనుమానం. రాడ్డుతో తగ్గే అవకాశం ఉంది. కానీ ముందు ఆయిల్ లెవెలు చూడండి, తక్కువున్నా ఇదే చప్పుడు. వేడి మీద కూడా, యాక్సిలరేటర్ వదిలినప్పుడు కొట్టుకుంటుంటే మాత్రం రోలరు అరిగుంటుంది లేదా చైనే సాగుంటుంది. అప్పుడు రాడ్డు మార్చినా కొన్నాళ్ళు మూతేసినట్టే. చప్పుడు వినకుండా ఇంతకంటే చెప్పలేం.

బ్రాడీపేట_బుల్లెట్

తమ్ముడూ, సెల్ఫ్ ముట్టుకోవద్దన్నావు, మంచిదే. కానీ రాడ్డు లేకుండా ఒకటి రెండు కిక్కులు కొడితే చైను పళ్ళు దాటుతుందని ఖాయంగా చెప్పగలవా? ఈ ఇంజిన్లో చైను వదులైనా కేసుకీ బ్లాకుకీ మధ్య అంత చోటు ఉండదు. రాడ్డు తీసి చేత్తో మాగ్నెట్ తిప్పితే దాటిన బండి చూడలేదు.

షెడ్డు_తమ్ముడు

ఖాయమని అనలేను అన్నా. చేత్తో మెల్లగా తిప్పడం వేరు, సెల్ఫ్ ఒక్కసారిగా గుంజడం వేరు. చైను అరిగిన బండి అయితే ఇంకా వేరు. ఫోన్లో ఉన్న మనిషి చైను ఎంత అరిగిందో నాకు తెలీదు, అందుకే వద్దన్నాను.

కిక్కో సెల్ఫో కొట్టేశాక ఫొటో పెట్టినవాళ్ళకి మాత్రం టైమింగ్ చూడందే స్టార్ట్ చెయ్యొద్దనే చెప్తాను. మాగ్నెట్ కవర్ మీద రెండు మూతలు తీసి, ప్లగ్గు కూడా విప్పి, ఎడంపక్క నుంచి చూస్తూ మాగ్నెట్‌ని గడియారానికి ఎదురుగా తిప్పాలి. టి గీత కేసు మీద గాటుకి ఎదురుగా రావాలి. అప్పుడు హెడ్డు ఎడంపక్క గుండ్రటి కవర్ తీస్తే క్యామ్ పళ్ళచక్రం మీద సున్నా గుర్తు హెడ్డు మీద గాటుకి ఎదురుగా ఉండాలి. లేకపోతే ఇంకో చుట్టు తిప్పి మళ్ళీ చూడాలి, ఎందుకంటే క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒకటే తిరుగుతుంది. రెండోసారీ కలవకపోతే పన్ను దాటినట్టే. ఈ పని ఇంట్లో చెయ్యమని నేను ఎవరికీ చెప్పను, బండిని ఆటోలో వేసుకుని తేవడమే మేలు.

కృష్ణలంక_మేస్త్రి

నేను తమ్ముడి వైపే. ఒక పన్ను దాటితే బండి స్టార్ట్ అవ్వొచ్చు, పికప్ ఉండదు, కార్బురేటరు మీద పడతారు. ఎక్కువ దాటితే వాల్వులకి తగులుతుందేమోనన్న భయం. బ్రాడీపేట వారు దాటలేదంటున్నారు, కావచ్చు. ఫోన్లో చెప్పేటప్పుడు మాత్రం భద్రమైన మాటే చెప్పాలి.

పాతబండి_తెనాలి

రబ్బరు సంగతి అర్థమైంది మేస్త్రీ. ఇంకో అనుమానం. సూపర్ స్ప్లెండర్ కింద కూడా ఇలాంటి బోల్టు ఉంటుందా? మా బంధువుది 125.

కృష్ణలంక_మేస్త్రి

ఉండదు. అది వేరే ఇంజిన్, దాని టెన్షనర్ వేరే చోట వేరే రకంగా ఉంటుంది. ఇక్కడ రాసిందంతా పడుకోబెట్టిన సిలిండర్ ఉన్న 97.2 ఇంజిన్‌కే. పాత సీడీ 100 నుంచి వస్తున్న కుటుంబం ఇది. స్ప్లెండర్ అన్న పేరు ఒకటే చాలదు, అందుకే తమ్ముడు సీసీ అడుగుతాడు.

గుంటూరు_స్పేర్స్

ఫొటో గురించి కూడా రాస్తాను, కౌంటరుకి రోజూ వచ్చే తలనొప్పి ఇదే. ఇలాంటి చిన్న పార్టుల మీద నంబరు ఉండదు, ప్యాకెట్ మీదే ఉంటుంది. కాబట్టి "నంబరు కోసం వెతికా, లేదు" అని ఆగిపోవద్దు. తెల్ల కాగితం మీద పెట్టి, పక్కన పిల్లల స్కేలు పెట్టి, నిట్టనిలువుగా పైనుంచి తియ్యండి. రూపాయి బిళ్ళ పెట్టొద్దు. 2011 బిళ్ళ ఇంచుమించు 22 మిల్లీమీటర్లు, 2019ది 20, ఫొటోలో ఏది పెట్టారో మాకు తెలీదు. ఈ రాడ్డు లావు సుమారు 12 మిల్లీమీటర్లు, బిళ్ళ తారుమారైతే అందులో ఒక మిల్లీమీటరు పైగా తేడా వచ్చి ఇంకో పార్టు అనుకుంటాం.

రెండో ఫొటో రెండు చివరలది, దగ్గరగా. మూడోది అది ఊడిన చోటుది, కాస్త దూరంగా, సైలెన్సరో గేర్ లివరో ఫ్రేములో కనపడేలా. బెజ్జం ఒక్కటే దగ్గరగా తీస్తే అది ఏ పక్కో తెలీదు. ఈ కేసులో పార్టు ఫొటో కంటే మట్టి అంటిన డ్రెయిన్ బోల్టు ఫొటోయే ఎక్కువ చెప్పింది. ఫొటో తీసేదాకా కడగొద్దు, కడిగితే ఆ మట్టి గుర్తులు పోతాయి.

నరసరావుపేట_హెచ్ఎఫ్

ఆయిల్ లెవెలు చూశాను, పుల్ల కింది గీతకి ఇంకా దిగువనే ఉంది. ముందు ఆయిల్ మార్చి చూస్తా. రబ్బరు తల ఒక్కటే దొరుకుతుందా, రాడ్డు మొత్తం కొనాలా?

బ్రాడీపేట_బుల్లెట్

తల విడిగా దొరుకుతుంది, చవక. రాడ్డు బాగుంటే తల ఒక్కటే మార్చుకోవచ్చు.

కృష్ణలంక_మేస్త్రి

విడిగా వచ్చేవాటిలో బయటి సరుకు ఎక్కువ, వదులుగా కూర్చుంటాయి. తల లోపల ఊడితే ఆ ఖర్చు ఎవరిది? నేనైతే రాడ్డు మొత్తం వేస్తాను.

గుంటూరు_స్పేర్స్

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. విడి తల కొనేట్టయితే పాత రాడ్డు చేతిలో పట్టుకుని రండి, కౌంటరు మీదే తొడిగి చూద్దాం. గట్టిగా నొక్కితే తప్ప ఎక్కకూడదు, వేళ్ళతో లాగితే రాకూడదు. అలా కూర్చోకపోతే రాడ్డు సెట్టే తీసుకెళ్ళండి. నరసరావుపేట అన్నా, ఆయిల్ మార్చాక కూడా పొద్దున చప్పుడు ఉంటే చల్లటి మీదదీ వేడి మీదదీ రెండు ఆడియోలు ఇక్కడ పెట్టండి.